కనుమ నాడు పోయిన బండి, నేను తీసేయబోయిన 470 రూపాయల యాడ్-ఆన్

గౌతమితీరం (అంబాజీపేట)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పోయిన వారం నా బండి క్లెయిమ్ డబ్బు ఖాతాలో పడింది. ఆరు నెలలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మనవాళ్లలో ఫైనాన్స్ మీద బండి కొన్నవాళ్లకు పనికొస్తుందని.

నేను హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నెలలో పదిహేను రోజులు ఇంటి నుంచే పని. ఊళ్లో తిరగడానికి 2023 సెప్టెంబరులో కాకినాడలో బండి తీశాను. ఎక్స్-షోరూమ్ ధర 1,50,000. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 18,500. ఇన్సూరెన్స్ వేరే. లక్షా నలభై వేలు లోన్, 36 నెలలు, నెలకు 4,650 ఈఎంఐ.

ఏడాది తిరిగేసరికి ఓన్ డ్యామేజ్ పాలసీ రెన్యువల్‌కు వచ్చింది. థర్డ్ పార్టీ అయిదేళ్లకు మొదటే కట్టేశాం కాబట్టి అది ఉంది. ఆ రోజు ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు మీద దాటుతున్నాను. పంటు అవతలి ఒడ్డుకు చేరేలోపు ఫోన్‌లో కట్టేద్దామని తెరిచాను. జీరో డెప్, రిటర్న్ టు ఇన్‌వాయిస్, ఇంకా ఏవో రెండు టిక్ చేసి ఉన్నాయి. అన్నీ తీసేశాను, మొత్తం బాగా తగ్గింది. కట్టబోతుంటే అక్క ఫోన్ చేసింది. తను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేస్తుంది. ఏం చేస్తున్నావురా అంటే చెప్పాను.

"ఐడీవీ ఎంత చూపిస్తోంది?" అంది. బండి పోతే కంపెనీ లెక్కగట్టి ఇచ్చే విలువ అది. లక్షా ఇరవై వేలు అన్నాను.

"లోన్ ఇంకా ఎంత ఉంది?" అంది. చూస్తే తొంభై ఎనిమిది వేల చిల్లర.

"బండి రేపు పోయిందనుకో, కంపెనీ ఇచ్చే లక్షా ఇరవైలో తొంభై ఎనిమిది ముందు బ్యాంకు తీసుకుంటుంది. నీ చేతికి ఇరవై వేలు. దాంతో ఏ బండి కొంటావు తమ్ముడూ? జీరో డెప్ నీ ఇష్టం. ఆ ఇన్‌వాయిస్ ది మాత్రం తీయకు."

బండి పోతే ఐడీవీకీ కొన్న ధరకూ ఉన్న తేడా ఇచ్చే ఆ కవర్ ఖరీదు పన్నుతో కలిపి 470 రూపాయలు. అక్క మాట కాదనలేక మళ్లీ టిక్ పెట్టాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు దాని విలువ అర్థం కాలేదు.

తర్వాత కనుమ వచ్చింది. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి దాటే సమయానికి ఒడ్డున ఉండాలని పరుగు పెట్టాం. బండిని కొబ్బరితోట అంచున, మరో యాభై బళ్ల మధ్య పెట్టి హ్యాండిల్ లాక్ వేశాను. తాళం జేబులోనే ఉంది. సాయంత్రం ఆరింటికి తిరిగొస్తే అక్కడ చక్రాల జాడ తప్ప ఏమీ లేదు. ఎవరో పొరపాటున జరిపారేమో అని గంటసేపు తోటంతా వెతికాం. మా నాన్న అరటి బోదెల వెనక కూడా టార్చి వేసి చూశారు.

ఆ రాత్రే 112కి ఫోన్ చేసి, స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. "తీర్థంలో ఎవరో తెలిసినవాళ్లే తీసుకెళ్లి ఉంటారు, రెండు రోజులు చూడండి" అన్నారు. నేను కూర్చున్నాను. మర్నాడు ఉదయం ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చింది. అప్పటికే రాత్రి పదిన్నరకు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను, మెయిల్ కూడా పెట్టాను. ఆర్టీఓ ఆఫీసుకు, లోన్ ఇచ్చిన బ్యాంకుకు ఆ వారంలోనే ఉత్తరాలు ఇచ్చాను.

చివరకు లెక్క ఇలా తేలింది. పాత ఐడీవీ 1,20,000. ఆ యాడ్-ఆన్ వల్ల ఎక్స్-షోరూమ్ ధరకు ఉన్న 30,000 తేడా, టాక్స్-రిజిస్ట్రేషన్ 18,500 కలిశాయి. మొత్తం 1,68,500. అందులో తప్పనిసరి కోత వంద రూపాయలు. బ్యాంకుకు అప్పటికి మిగిలిన 60,500 పోగా నా ఖాతాలో 1,07,900 పడింది. ఆ టిక్ లేకపోతే 59,400 పడేది.

భీమవరం సతీష్

బాగా రాశారు తమ్ముడూ. కానీ ఒక అనుమానం. ఇదే పని జీరో డెప్ కూడా చేస్తుంది కదా? తరుగుదల కోత లేకుండా పూర్తి డబ్బు ఇస్తారు అనే కదా దానర్థం. నేను అయిదేళ్ల నుంచి జీరో డెప్ తీసుకుంటున్నాను, బండి పోయినా పూర్తి ధర వస్తుందని మా ఏజెంటు కూడా అన్నారు.

పాతసర్వేయర్ (రాజమండ్రి)

సతీష్ గారూ, జీరో డెప్‌లో తరుగుదల కోత ఉండదన్నది నిజమే, కానీ అది విడిభాగాలకు. బండి గుద్దుకుని హెడ్‌లైట్, మడ్‌గార్డు, ప్లాస్టిక్ ప్యానెళ్లు మారిస్తే వాటి మీద తరుగు కోయకుండా బిల్లు ఇస్తారు. బండి మొత్తం పోయినప్పుడు అక్కడ మార్చే భాగం ఏదీ లేదు. అప్పుడు చూసేది ఐడీవీ ఒక్కటే. దొంగతనానికి జీరో డెప్ ఒక్క రూపాయి కూడా కలపదు. మీ ఏజెంటు గారు చెప్పింది తప్పు, పాలసీ కాగితం తీసి చూడండి.

ఐడీవీ ఎలా తగ్గుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే అసలు నొప్పి అక్కడే ఉంది. ఆరు నెలలు నిండకపోతే ఎక్స్-షోరూమ్ ధరలో 5 శాతం కోత. ఏడాది లోపు 15. ఏడాది దాటి రెండేళ్ల లోపు 20. రెండు దాటితే 30, మూడు దాటితే 40. ఈ కోత ఎక్స్-షోరూమ్ ధర మీదే. మీరు కట్టిన లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ మొదటి రోజు నుంచే ఐడీవీలో ఉండవు. అంటే షోరూమ్ గేటు దాటిన క్షణంలోనే ఈ కుర్రాడికి 18,500 లెక్కలో లేకుండా పోయాయి. చాలామంది దీన్ని గమనించరు.

అదే బండి మూడో ఏట పోయి ఉంటే ఐడీవీ 1,05,000. తేడా 48,500 కాదు, 63,500. బండి పాతబడే కొద్దీ ఈ ఆర్‌టీఐ యాడ్-ఆన్ విలువ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే చాలా కంపెనీలు దీన్ని ఇవ్వడం ఆపేస్తాయి. సాధారణంగా మూడేళ్ల దాకా ఇస్తారు, కొందరు అయిదేళ్ల దాకా.

శ్రీలక్ష్మి (పాలకొల్లు)

మా అబ్బాయికి పోయిన ఏడాదే బండి కొన్నాం. మీరు రాసింది చదివి గుండె దడదడలాడింది, పాలసీ తెరిచి చూస్తే ఈ కవర్ లేదు. పైన ఆర్‌టీఐ అన్నారు కదా, మొదట నేను సమాచార హక్కు దరఖాస్తు అనుకున్నాను. పోలీసు రిపోర్టు కోసం అలాంటి దరఖాస్తు పెట్టారా బాబూ? ఆరు నెలలు ఎందుకు పట్టింది?

గౌతమితీరం

లేదండీ, ఇక్కడ ఆర్‌టీఐ అంటే రిటర్న్ టు ఇన్‌వాయిస్. ఎఫ్ఐఆర్ కాపీకి దరఖాస్తు అక్కర్లేదు, ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. నాకు అలాగే ఇచ్చారు.

ఆరు నెలల్లో ఎక్కువ కాలం తిన్నది ఆఖరి రిపోర్టు. బండి దొరకలేదు, కేసు అన్‌డిటెక్టెడ్ అని పోలీసులు కోర్టుకు రాయాలి, కోర్టు దాన్ని తీసుకోవాలి. ఆ కాపీ లేకుండా కంపెనీ ఫైలు ముందుకు జరపలేదు. జనవరిలో పోయిన బండికి ఆ కాగితం మే నెలాఖరుకు వచ్చింది. అమలాపురం కోర్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఆ ఆరు నెలలూ ఈఎంఐ కట్టాను. బండి లేకుండా ప్రతి నెలా అయిదో తారీఖు 4,650 పోతుంటే కడుపు మండేది. అయినా ఆపొద్దని అక్క గట్టిగా చెప్పింది. ఆపితే సిబిల్ దెబ్బతింటుంది, వడ్డీ, జరిమానా కలిసి చివరి లెక్కలో నాకే తగ్గుతుంది.

రాజోలు అబ్బాయి

నా కథ వేరు, ఇక్కడే చెబుతాను. రెండేళ్ల కిందట అంతర్వేది తీర్థంలో నా బండి పోయింది. ఎఫ్ఐఆర్ ఉంది, కోర్టు కాగితం ఉంది. కంపెనీ రెండు తాళాలూ అడిగింది. నా దగ్గర ఒకటే ఉంది. రెండోది ఎప్పుడో పంట కాలువలో పడిపోయింది, ఎవరికీ చెప్పలేదు. బండికి తాళం వదిలేసి వెళ్లావు, నిర్లక్ష్యం అని క్లెయిమ్ కొట్టేశారు. నాక్కూడా ఈ ఇన్‌వాయిస్ కవర్ ఉంది. దాని డబ్బు కూడా రాలేదు. మరి ప్రీమియం ఎందుకు తీసుకున్నారు?

పాతసర్వేయర్

బాబూ, మీ బాధ అర్థమైంది. ఆ యాడ్-ఆన్ సొంతంగా నిలబడదు. అసలు దొంగతనం క్లెయిమ్ ఒప్పుకుంటేనే దానిపైన తేడా కలుపుతారు. అసలుది పడిపోతే ఇదీ పడిపోతుంది. అందుకే గౌతమితీరం గారి టిక్ కంటే ఆయన రాత్రికి రాత్రి ఇచ్చిన ఫిర్యాదే ముందు నిలబడిందని నేనంటాను.

తాళాల సంగతి ఎందుకంత పట్టుకుంటారో చెబుతాను. ఇన్వెస్టిగేటర్‌గా నేను ఇరవై ఏళ్లు ఇలాంటి ఫైళ్లు చూశాను. రెండు తాళాలూ చేతికిస్తే ఒకటి అరిగి ఉంటుంది, ఒకటి కొత్తగా ఉంటుంది. అది సహజం. రెండూ కొత్తగా ఉంటే రోజూ వాడే తాళం ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. ఒక్కటే ఇస్తే, రెండోది బండిలోనే ఉందా, లేక బండి ఎవరికైనా అమ్మేశారా అనే అనుమానం వస్తుంది. తాళం పోయిన రోజే స్టేషన్‌లో ఒక ఫిర్యాదు, కంపెనీకి ఒక మెయిల్ ఇచ్చి ఉంటే ఆ అనుమానానికి జవాబు ఉండేది.

అయినా మీది పూర్తిగా మూసుకుపోయిన దారి కాదు. షరతు ఉల్లంఘన ఉన్నా మొత్తం కొట్టేయకుండా 75 శాతం ఇవ్వొచ్చని 2010లో సుప్రీంకోర్టు అమలేందు సాహూ కేసులో చెప్పింది. వినియోగదారుల కమిషన్లు దాన్ని చాలాసార్లు పాటించాయి. కొట్టేసిన ఉత్తరం మీద తేదీ చూడండి. ఏడాది దాటకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. మనకు హైదరాబాద్ ఆఫీసు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు ఆగాలి.

రాజోలు అబ్బాయి

ఉత్తరం వచ్చి పదకొండు నెలలైంది. ఇంకో నెల ఉందన్నమాట. కానీ కంపెనీకి ఫోన్‌లోనే అడిగాను, రాతలో ఏమీ ఇవ్వలేదు.

పాతసర్వేయర్

ఈరోజే మెయిల్ పెట్టండి, వాళ్ల గ్రీవెన్స్ చిరునామాకు. బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. గడువు లెక్క మీ విషయంలో ఎలా తీసుకుంటారో అంబుడ్స్‌మన్ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి, నా మాట మీద ఆగిపోవద్దు.

యానాం మిత్ర

మాది యానాం, బండి నంబరు పీవై. మాకు పుదుచ్చేరి వెళ్లాలా?

పాతసర్వేయర్

అక్కర్లేదు. యానాం కూడా హైదరాబాద్ అంబుడ్స్‌మన్ పరిధిలోనే ఉంది.

భీమవరం సతీష్

నా తప్పు ఒప్పుకుంటున్నాను, పాలసీ చదివాను. సర్వేయర్ గారు చెప్పిందే నిజం. కానీ తమ్ముడి విషయంలో ఇంకొకటి. దొంగతనం జరిగిన 48 గంటల లోపు కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ పోయినట్టే అని విన్నాను. రాత్రి పదిన్నరకే ఫోన్ చేయడం వల్లే బతికిపోయాడు.

పాతసర్వేయర్

త్వరగా చెప్పడం మంచిదే, అందరూ అలాగే చేయండి. కానీ పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు గుర్షిందర్ సింగ్ కేసులో తేల్చింది. ఫిర్యాదే ఆలస్యమైతే మాత్రం అది వేరే సంగతి. పోయిన ఏడు రోజులకు స్టేషన్‌కు వెళ్లినవాళ్లకు జవాబు చెప్పుకోవడం కష్టం.

లంకరైతు (పి.గన్నవరం)

మా ఇల్లు లంకలో. రెండేళ్లకోసారి గోదారి ఇంట్లోకి వస్తుంది. పోయినసారి బండిని గట్టు మీద పెట్టేలోపే సీటు దాకా మునిగింది. దొంగతనం కాదు కాబట్టి ఈ కవర్ మాకు పనికిరాదు కదా?

పాతసర్వేయర్

పనికొస్తుంది, ఒక మెలికతో. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టే లెక్క కడతారు. అప్పుడు ఇన్‌వాయిస్ కవర్ పనిచేస్తుంది. అంత రాకపోతే మరమ్మతు క్లెయిమే, అందులో దీనికి పాత్ర లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. నీళ్లతో ఇంజన్ తిప్పితే లోపల పాడవుతుంది. అది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల అని కంపెనీ వాదిస్తుంది. ట్రాలీ మీద ఎక్కించి షోరూమ్‌కు పంపండి. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ వేరే ఉంది, లంకల్లో ఉన్నవాళ్లకు నా సలహా ముందు అది.

లంకరైతు

మునిగిన మర్నాడే కిక్ కొట్టి చూశాం. ఇంజన్ పట్టేసింది. ఇప్పుడు తెలిసింది.

శ్రీలక్ష్మి

ఇన్వెస్టిగేటర్ వచ్చినప్పుడు ఏమడిగారు బాబూ? మా అబ్బాయి టెన్షన్ పడే రకం, ముందే చెప్పి ఉంచుతాను.

గౌతమితీరం

తొమ్మిదో రోజు వచ్చారండీ. ఇంట్లో కూర్చుని మంచిగానే మాట్లాడారు. రెండు తాళాలు తీసుకుని రసీదు ఇచ్చారు. రెండో తాళం హైదరాబాద్ రూమ్‌లో ఉండిపోయింది, మా ఫ్రెండ్ రాత్రి బస్సులో పంపితే రావులపాలెంలో తీసుకున్నాను. తర్వాత తోటకు తీసుకెళ్లమన్నారు. ఎక్కడ పెట్టావు, పక్కన ఎవరి బండి ఉంది, ఎవరితో వచ్చావు, ఎప్పుడు చూశావు అని అడిగారు. నాతో వచ్చిన ఇద్దరిని విడిగా అడిగారు. అదృష్టం కొద్దీ మా చెల్లి ఆ మధ్యాహ్నం ప్రభతో తీసిన ఫొటోలో వెనకాల నా బండి కనిపిస్తోంది. అది ఇచ్చాను.

కాగితాల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇన్‌వాయిస్. నా దగ్గర ఉన్నది కొటేషన్, అసలు ఇన్‌వాయిస్ కాదు. రెండూ ఒకేలా ఉన్నాయి, నేను గమనించలేదు. ఈ యాడ్-ఆన్ డబ్బంతా ఆ ఒక్క కాగితం మీదే నడుస్తుంది. కాకినాడ వెళ్లి షోరూమ్‌లో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. లైఫ్ టాక్స్ రసీదు కూడా విడిగా అడిగారు. క్రాష్ గార్డు, సీట్ కవర్ కలిపి 6,200 వేరే బిల్లు ఉంది. అది ఇన్‌వాయిస్‌లో లేదని ఒప్పుకోలేదు. మొదటి ఇన్సూరెన్స్ కట్టిన డబ్బు కూడా నా పాలసీ ప్రకారం రాలేదు. మా కొలీగ్ పాలసీలో అది కూడా ఇస్తామని రాసి ఉంది.

పాతసర్వేయర్

అక్కడే కంపెనీకీ కంపెనీకీ మాటలు మారతాయి. కొన్ని పాలసీల్లో ఇన్‌వాయిస్ ధర, అదే మోడల్ ఇప్పటి ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది అని ఉంటుంది. మోడల్ ధర తగ్గితే మీకూ తగ్గుతుంది. శ్రీలక్ష్మి గారూ, మీ అబ్బాయి రెన్యువల్‌లో ఈ కవర్ అడిగేటప్పుడు ఆ వాక్యం, టాక్స్ సంగతి, వయసు పరిమితి చూడండి. మధ్యలో ఒక ఏడాది వదిలేస్తే తర్వాత ఇవ్వమనే కంపెనీలు కూడా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ బండికి చాలాచోట్ల ఇవ్వరు, మొదటి యజమానికే.

యానాం మిత్ర

డబ్బు వచ్చాక బండి దొరికితే?

గౌతమితీరం

అది కంపెనీదే అవుతుందని సంతకం పెట్టించుకున్నారు. ఆర్టీఓ ఫారాలు 28, 29, 30 ముందే సంతకం చేసి ఇచ్చాను. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 కూడా.

రాజోలు అబ్బాయి

మరి డబ్బు రాకముందే దొరికితే? క్లెయిమ్ మధ్యలో ఉండగా?

పాతసర్వేయర్

అప్పుడు బండి మీకే ఇస్తారు, పాడైన భాగాలకు మాత్రం క్లెయిమ్ నడుస్తుంది. ఇన్‌వాయిస్ కవర్ రాదు. ముక్కలుగా విప్పేసిన స్థితిలో దొరికితే 75 శాతం దాటిందా లేదా అనే వాదన మొదలవుతుంది. అలాంటి ఫైలు ఒకటి నా చేతిలో ఏడాదిన్నర నడిచింది.

భీమవరం సతీష్

నాకు ఇంకా ఒప్పుదల కాలేదు. ఏటా 470 చొప్పున మూడేళ్లు కడితే 1,410. నూటికి ఎన్ని బళ్లు పోతాయి? లోన్ లేనివాడికి, పాత బండి ఉన్నవాడికి ఇది అవసరమా?

పాతసర్వేయర్

లోన్ తీరిపోయి, బండి పోయినా తట్టుకోగలిగితే మానేయొచ్చు, అందులో తప్పు లేదు. లోన్ ఉన్న కొత్త బండికి మాత్రం నేను మానమని చెప్పను.

గౌతమితీరం

సతీష్ అన్నా, నేనూ ఆ లెక్కే వేసి టిక్ తీసేశాను. అక్క వేసిన లెక్క వేరు, బ్యాంకు వాటా తీశాక నా చేతికి ఎంత వస్తుందని.

అదే మోడల్ ఇప్పుడు 1,58,000 అయింది. వచ్చిన డబ్బులో లక్ష ముందు కట్టి, మిగతాది చిన్న లోన్‌గా శ్రావణంలో తీసుకుంటున్నాను. ఇన్‌వాయిస్, టాక్స్ రసీదు, రెండో తాళం అమ్మ పెట్టెలో పెట్టాలని ఇంట్లో ముందే చెప్పాను.

రాజోలు అబ్బాయి

మెయిల్ పంపాను, పోర్టల్‌లో టోకెన్ నంబరు వచ్చింది. కంపెనీ జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.